ధరల పట్టికలో ఎర వరుస

ఒక వస్తువు ధరను ఒంటరిగా చూచి అది ఎక్కువో తక్కువో తేల్చుకోవడం ఎవరికైనా కష్టమే. పక్కన మరొక ధర ఉంటే మనస్సు వెంటనే పోల్చుకొని ఒక నిర్ణయానికి వస్తుంది. ఈ స్వభావానికి ఉదాహరణగా డాన్ ఏరియలీ 2008లో ప్రచురించిన 'ప్రిడిక్టబ్లీ ఇర్రేషనల్' అనే గ్రంథంలో 'ది ఎకానమిస్ట్' వారపత్రిక చందా పట్టికను చూపాడు. ఆ ఉదాహరణ చాలా ప్రసిద్ధి పొందినది. అయితే అది దేనిని నిరూపించినది, దేనిని విడిచిపెట్టినది అన్నది విచారించవలసి ఉన్నది.

పట్టికలో మూడు వరుసలున్నవి. ఇంటర్నెట్ ప్రతికి 59 డాలర్లు. ముద్రిత ప్రతికి 125. రెండూ కలిపి కూడా 125. ఏరియలీ దీనిని ఎం.ఐ.టి.లోని 100 మంది విద్యార్థులకు చూపగా 16 మంది మొదటిదానిని, 84 మంది మూడవదానిని ఎన్నుకొన్నారు. రెండవదానిని ఒక్కరూ కోరలేదు. ఎవరికీ అక్కరలేని ఆ వరుసను తొలగించి చూపినప్పుడు 68 మంది ఇంటర్నెట్ ప్రతిని, 32 మంది రెండింటినీ కోరారు. ఈ లెక్కన రాబడి మొదటి పట్టికతో 11,444 డాలర్లు, రెండవ పట్టికతో 8,012 డాలర్లు. ఎవరూ కొనని వరుస 3,432 డాలర్ల తేడా తెచ్చినదన్నమాట.

కారణం ఇది. 59కి ఒక ప్రతి మేలా, 125కి రెండు ప్రతులు మేలా అన్నది చిక్కు ప్రశ్న. దానికి చదువరి అవసరమే సమాధానం చెప్పాలి. కాని 125కి ఒకటి మేలా, అదే 125కి రెండు మేలా అన్నది ప్రశ్నే కాదు. మనస్సు చిక్కు ప్రశ్నను పక్కకు నెట్టి, తేలిక ప్రశ్నకు దొరికిన సమాధానాన్నే మొత్తానికి సమాధానంగా తీసుకొంటుంది. కొత్త వస్తువు చేరినంత మాత్రాన పాత వస్తువును కోరేవారు పెరగరాదన్న పూర్వసిద్ధాంతానికి ఇది విరుద్ధమని హ్యూబర్, పేన్, ప్యూటో అనే పరిశోధకులు 1982లోనే చూపారు.

ఏరియలీ ఉదాహరణలో రెండు కొరతలున్నవి. మొదటిది, ఆ విద్యార్థులు డబ్బు చెల్లించలేదు. ఏది కోరుతారో చెప్పారు, అంతే. రెండవది, ఈ ప్రభావం అన్నిచోట్లా ఒకే బలంతో కనబడదు. వస్తువుల గుణాలను అంకెలలో గాక బొమ్మలుగా చూపినప్పుడో, స్వయంగా రుచి చూపినప్పుడో అది చాలావరకు మాయమవుతుందని ఫ్రెడరిక్, లీ, బాస్కిన్ 2014లో ప్రకటించారు. చందా పట్టిక అంకెలతో నిండినది కనుక అక్కడ ఎర పనిచేయడానికి అవకాశం ఎక్కువ. అందువల్లనే అమ్మేవాని బాధ్యత కూడా ఎక్కువ.

ఆ బాధ్యతను గ్రంథం పెద్దగా చర్చించదు. ఎర వరుసలో అబద్ధం లేకపోవచ్చు. కోరితే ముద్రిత ప్రతిని నిజంగానే అమ్మవచ్చు. కాని ఏ చదువరికీ అది లాభం కాదు. ఇంకొక వరుసను మెరిపించడమే దాని పని. దానినే 110 డాలర్లకు పెడితే పరిస్థితి మారుతుంది. ఇంటర్నెట్ సదుపాయం లేని చదువరి దానిని కొని 15 డాలర్లు మిగుల్చుకొంటాడు. పోలిక అప్పుడూ ఉంటుంది, కాని అది నిజమైన పోలిక. పట్టికలోని ప్రతి వరుసనూ తెలిసి కోరే చదువరి ఒకడైనా ఉండాలన్నదే నిజాయితీకి మొదటి గుర్తు.

లంగరు ధరకూ ఇదే న్యాయం. నెలకు 100 రూపాయల చందా, సంవత్సరానికి 900 ఉన్నదనుకొందాం. '1,200 బదులు 900, ఆదా 300' అన్న మాట పన్నెండు నెలలూ చదివేవాని విషయంలోనే నిజం. అయిదు నెలలకే మానేవాడు నెలసరి చందాతో 500తో బయటపడేవాడు. సంవత్సర చందా కట్టి 400 నష్టపోతాడు. కనుక 'తొమ్మిది నెలలకు మించి చదివేవారికి లాభం' అని ఆ ధర పక్కనే వ్రాయడం ధర్మం. ఎన్నడూ వసూలు చేయని పాత ధరను కొట్టివేసినట్లు చూపడం మాత్రం పోలిక కాదు, అబద్ధమే.

ఎర మోసగించినదో లేదో అమ్మిననాటి రాబడి చెప్పదు. వచ్చినవారిలో చీట్లు తీసినట్లు సగం మందికి ఆ వరుసతో, సగం మందికి అది లేకుండా పట్టికను చూపాలి. మానుకోవడం అందరికీ సమానంగా సులభం చేసి, సంవత్సరం తరువాత లెక్క చూడాలి. రెండు ప్రతులూ కొన్నవారిలో రెండింటినీ వాడినవారెందరు? మళ్ళీ చందా కట్టినవారెందరు? ఎర చూచినవారిలో ఈ నిష్పత్తి బాగా తగ్గినట్లయితే, ఆ వరుస కొందరిచేత అక్కరలేనిదానిని కొనిపించినదని అనుమానించాలి. ఆ 84 మందిని గురించి ఇటువంటి లెక్క లేకపోవడమే ఈ ప్రసిద్ధ ఉదాహరణలోని పెద్ద లోపం.