గీకే రాయి, గుచ్చే రోలరు

ముఖానికి నిగారింపు తెస్తాయని చెప్పి అమ్మే వస్తువులలో రెండు ఈమధ్య ఒకే అరలో పక్కపక్కన కనిపిస్తున్నాయి. మొదటిది గువాషా రాయి. ఇది అరచేతిలో ఇమిడే నున్నని పలుచని బిళ్ళ. రెండవది డెర్మా రోలరు. చిన్న పిడి చివర గిరగిర తిరిగే రోలు, ఆ రోలు నిండా సన్నని సూదులు. శుభ్రత విషయంలో ఈ రెండింటికీ తరచు ఒకే సలహా ఇస్తూ ఉంటారు: వాడిన తరువాత కడిగి, స్పిరిటుతో తుడిచి ఆరబెట్టండి అని. ఈ సలహా రాయికి చాలును. రోలరుకు చాలదు. కారణం తెలియాలంటే మన చర్మం మందం ఎంతో కొంచెం చూడవలసి ఉన్నది.

ముఖం మీది చర్మానికి పైన ఉండేది మృతకణాల పొర. దాని మందం మిల్లీమీటరులో నూరవ వంతు, మహా అయితే యాభయ్యవ వంతు. ఆ పొరతో కలుపుకొని బాహ్యచర్మం మొత్తం సుమారు పదవ వంతు మిల్లీమీటరు ఉంటుంది. దాని కింద అంతశ్చర్మం. రక్తకేశనాళికలు, నాడులు, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ పోగులు అక్కడ ఉంటాయి. ఎంత శుభ్రంగా ఉండేవారి ముఖం మీదనైనా సూక్ష్మజీవులు అసంఖ్యాకంగా ఉంటాయి. అవి మనకు హాని చేయకుండా ఉండటానికి ముఖ్య కారణం ఈ మృతకణాల పొరే. గడపకు బయట ఉన్నంతవరకు వాటితో మనకు పేచీ లేదు.

గువాషా చైనాలో పుట్టిన పాత వైద్యపద్ధతి. ‘గువా’ అంటే గీకటం. ‘షా’ అంటే అలా గీకినప్పుడు చర్మం కింద తేలే ఎర్రని చుక్కలు. వీపుకు, మెడకు నూనె రాసి గేదె కొమ్ము బిళ్ళతోనో, నాణెంతోనో, పింగాణీ చెంచా అంచుతోనో గట్టిగా గీకేవారు. వియత్నాంలోనూ ఇటువంటి అలవాటే ఉన్నది. ఆ ఎర్రచుక్కలు రక్తకేశనాళికలు చిట్లి కారిన నెత్తురు. ఒంట్లోని విషం బయటకు వస్తున్నదనే మాటకు ఆధారం లేదు. 2007లో ఆర్యా నీల్సన్, ఆమె సహచరులు 11 మంది ఆరోగ్యవంతులకు ఇలా గీకి, లేజరు సాధనంతో రక్తప్రసరణ కొలిచారు. గీకిన చోట చర్మంలో ప్రసరణ మొదటి ఏడున్నర నిమిషాలు నాలుగు రెట్లు పెరిగినట్లు తేలింది. ముఖపు రాళ్ళు అమ్మేవారు ఇటువంటి అంకెలను సంతోషంగా ఎత్తుకుంటారు. కాని ఆ పరిశోధనలో గీకినది ఎర్రచుక్కలు తేలేటంత గట్టిగా. ముఖానికి చెప్పేదేమో ఈకతో నిమిరినంత మెల్లగా. ఒక పనికి వచ్చిన ఫలితాన్ని మరొక పనికి అతికించటం శాస్త్రం కాదు.

అయితే రాయి వలన ఏమీ జరగదా? కొంత జరుగుతుంది. నిద్ర లేవగానే కళ్ళకింద కనిపించే ఉబ్బును మెల్లగా దవడ వైపు, మెడ వైపు నిమిరితే శోషరసం కదిలి ఉబ్బు కాస్త తగ్గుతుంది. చల్లని రాయి హాయిగానూ ఉంటుంది. ఆ ఉబ్బు లేచి తిరగటం మొదలుపెడితే దానంతటదే తగ్గేది కూడ. దవడ ఎముక ఆకారం, బుగ్గలలోని కొవ్వు మాత్రం రాయి మాట వినవు. శుభ్రత సంగతికి వస్తే, మెల్లగా వాడినంతకాలం రాయి గడప దాటదు. సబ్బుతో కడిగి ఆరబెడితే సరిపోతుంది. బీటలు వారిన రాయిని పారవేయాలి, ఎందుకంటే నూనె, మురికి ఆ పగుళ్ళలో నిలుస్తాయి.

రోలరు పని వేరు, అది గడప దాటటానికే పుట్టింది. ఇంటి వాడకానికని అమ్మే సూదులు సాధారణంగా పావు మిల్లీమీటరు పొడవుంటాయి. చర్మం మెత్తగా లోపలికి వంగుతుంది కనుక సూది పూర్తిగా దిగకపోవచ్చును. సగం దిగినా మృతకణాల పొరను దాటినట్లే. ఒక లెక్క వేసి చూద్దాం. రోలుకు 540 సూదులు, దాని వ్యాసం 2 సెంటీమీటర్లు అనుకొనండి. చుట్టుకొలత సుమారు ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. అంటే బుగ్గ మీద ఒకసారి ఆ మేరకు దొర్లిస్తే 540 పోట్లు. పదిసార్లు దొర్లిస్తే అయిదువేల నాలుగువందలు. నెత్తురు చుక్క కనిపించకపోవచ్చును, కాని ఇవన్నీ కొన్ని గంటలపాటు తెరుచుకొని ఉండే ద్వారాలే.

ఈ పద్ధతి పూర్తిగా మోసమని అనటానికి వీలులేదు. చిన్న గాయాలు మానేటప్పుడు కొత్త కొల్లాజెన్ తయారవుతుందన్నది నిజం. మొటిమల మచ్చలకు చర్మవైద్యులు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల సూదులతో, తిమ్మిరి మందు పూసి ఈ చికిత్స చేస్తారు. 2018లో అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థ మొటిమల మచ్చల చికిత్సకు ఇటువంటి సూది సాధనం ఒకదానికి మొదటిసారిగా అనుమతి ఇచ్చింది. ఆ సాధనంలో సూదులున్న కొన ముందే క్రిమిరహితం చేసి మూసిన పొట్లంలో వస్తుంది, ఒక మనిషికి ఒకసారి వాడి పారవేస్తారు. పావు మిల్లీమీటరు రోలరును నెలల తరబడి వాడేవారికి ఆ లోతూ అందదు, ఆ శుభ్రతా అందదు. అయినా వైద్యుని చేతిలో వచ్చిన ఫలితాన్ని దీనికీ చూపి అమ్ముతున్నారు.

రోలరును స్పిరిటులో ముంచితే ఏమవుతుంది? ఉపాధ్యాయులు తరగతిలో దీన్ని సులభంగా చూపవచ్చును. కొంచెం కోడిగుడ్డు తెల్లసొన స్పిరిటులో వేస్తే అది తెల్లగా గడ్డకడుతుంది. సూదుల మొదళ్ళలో చిక్కిన రక్తరసి, చర్మపు పొట్టు కూడ ఇలాగే గట్టిపడి లోపలి క్రిములకు కవచమవుతాయి. బయట ఉన్న బాక్టీరియాలో చాలా భాగం చస్తుంది. సిద్ధబీజాలు మాత్రం స్పిరిటుకు చావవు. క్రిములను తగ్గించటం వేరు, బొత్తిగా లేకుండా చేయటం వేరు. రెండవదానికి ఆటోక్లేవులో 121 డిగ్రీల సెంటిగ్రేడు ఆవిరి కనీసం పదిహేను నిమిషాలు తగలాలి. ఆ వేడికి చాలా రోలర్ల ప్లాస్టిక్కు పిడి తట్టుకోలేదు. సూదుల మొనలు కూడ వాడుకలో అరుగుతాయి, వంగుతాయి. కొత్త రోలరును, కొన్నాళ్ళు వాడిన రోలరును ప్రయోగశాల సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. వంగిన మొన గుచ్చదు, కొక్కెంలాగ చీలుస్తుంది.

ఇది ఎంతదూరం పోగలదో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో తేలింది. 2018లో అక్కడ ఒక స్త్రీకి హెచ్.ఐ.వి. సోకినట్లు కనుగొన్నారు. మామూలుగా అది సోకే మార్గాలేవీ ఆమె విషయంలో లేవు. అంతకుముందు ఒక సౌందర్యశాలలో తన రక్తం నుంచి తీసిన ద్రవంతో ముఖానికి సూది చికిత్స చేయించుకొన్నట్లు మాత్రం చెప్పింది. అధికారులు వెళ్ళి చూస్తే ఆ శాలకు లైసెన్సు లేదు. వంటగది ఫ్రిజ్‌లో తినే పదార్థాల పక్కన పేరు చీటీలు లేని రక్తపు గొట్టాలు ఉన్నాయి. ఆటోక్లేవు లేనే లేదు. ఒకసారి వాడి పారవేయవలసిన పరికరపు మొనలను ఆల్కహాలులో ముంచి తిరిగి వాడుతున్నారు. వైరస్ జన్యుక్రమాలను పోల్చి చూసి, 2024లో అమెరికా వ్యాధి నివారణ కేంద్రం తన నివేదికలో ముగ్గురు స్త్రీలకు ఆ చికిత్స వలననే అంటుకొని ఉంటుందని తెలిపింది. సౌందర్య చికిత్సకు వాడిన సూదుల ద్వారా హెచ్.ఐ.వి. సోకినట్లు నమోదైన మొదటి సంఘటన ఇదే.

అది రక్తాన్ని కూడ చేర్చిన చికిత్స, ఇంట్లో ఒక్కరే వాడే రోలరుకు అంత భయం లేదు నిజమే. కాని అక్కచెల్లెళ్ళు, హాస్టలు స్నేహితులు ఒకే రోలరు పంచుకొంటే కథ మారుతుంది. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట ఏడు రోజుల వరకు బతికి ఉండగలదు. మంగలి దుకాణంలో కొత్త బ్లేడు వేస్తేగాని గడ్డం గీయించుకోని వారింట్లోనే ఒక రోలరు నలుగురి బుగ్గల మీద తిరగటం విచిత్రం. ఒక్కరే వాడినా, మొటిమలు చీము పట్టి ఉన్నప్పుడు దాన్ని దొర్లిస్తే ఒక చోటి క్రిములను ముఖమంతా నాటినట్లే. పులిపిరులు కూడ ఇలాగే గీత గీసినట్లు వరుసగా లేస్తాయి. మన వంటి చామనచాయ చర్మంలో పోట్ల వాపు తగ్గిన తరువాత నల్లమచ్చలు నెలల తరబడి నిలిచిపోవచ్చును.

రోలరు దొర్లించి పైన మామూలు క్రీములు పూయటం మరొక చిక్కు. చర్మం పైన ఉండటానికి చేసినవి లోపలికి దిగితే ఒంటికి పరాయివి. 2014లో అమెరికా చర్మవైద్యులు ఒక పత్రికలో ముగ్గురు స్త్రీల సంగతి ప్రకటించారు. సూది చికిత్సతో పాటు పూతమందులు, వాటిలో విటమిన్-సి ద్రవం, వాడిన తరువాత వారి ముఖం మీద ఎర్రని గడ్డలు లేచి మొండిగా నిలిచాయి.

వాడి పారవేసే రోలరును విడిగా చెత్తబుట్టలో వేయరాదు. మూత బిగిసే గట్టి ప్లాస్టిక్కు డబ్బాలో పెట్టి, పైన ‘సూదులు’ అని రాసి ఇస్తే చెత్త ఏరే మనిషి చేతికి అవి గుచ్చుకోవు.