శీర్షిక మూసి చదవండి

ఎవరైనా డెక్ చూసిపెట్టమంటే నేను ముందు స్లైడ్ల లోపలికి వెళ్లను. స్లైడ్ సార్టర్‌లో అన్నీ పరిచి శీర్షికలు మాత్రం చదువుతాను. మా ఆఫీసు కుర్రాడు ఈమధ్య పంపినదాంట్లో నేపథ్యం, డేటా, విశ్లేషణ, ముందున్న దారి అని ఉన్నాయి. ఏ డెక్‌కైనా అతికే పేర్లు. అసలు సంగతి పదకొండో స్లైడ్‌లో దాక్కుంది: వరంగల్ గోదాములో రెండో షిఫ్టు పెడితే డెలివరీలు ఆలస్యం కావు, అనుమతివ్వండి. అడగాల్సింది అదే అయితే మొదటి స్లైడ్‌కే ఎక్కాలి కదా!

"ముందే చెప్పేస్తే ఇంకేం వింటారు సార్?" అన్నాడు. పావుగంటకే లేచిపోయే పెద్దల ముందు సస్పెన్స్ నడవదు నాయనా అన్నాను.

సందేశం, వరుస తేలాక ఆధారాల పని పడతాను. శీర్షికని అరచేత్తో మూసి, కింద ఉన్నది చదివి, దానికి తగిన శీర్షిక నేనే రాసుకుంటాను. తర్వాత చెయ్యి తీసి రెండూ పక్కపక్కన పెడతాను.

ఇదెందుకో చెప్పడానికి ఒక ఉదాహరణ. 2003లో కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా షటిల్ కక్ష్యలో ఉండగానే, రెక్కకి తగిలిన ఫోమ్ ముక్క గురించి ఇంజనీర్లు నాసా అధికారులకి స్లైడ్లు చూపించారు. ఒకదాని శీర్షిక భయపడక్కర్లేదన్న ధోరణిలో ఉంది. అట్టడుగు వరుసలో మాత్రం, పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలైతే తగిలింది 1,920 అని ఉంది. ప్రమాదం తర్వాత విచారణ బోర్డు తన నివేదికలో ఆ ఒక్క స్లైడ్‌కి ప్రత్యేకంగా చోటిచ్చింది. శీర్షిక మూసి చదివినవాళ్లెవరైనా "మన పరీక్షలు ఇంత పెద్ద ముక్కకి పనికిరావు" అనే రాసేవారు.

మా కుర్రాడు శీర్షికలు మార్చాక ఒక స్లైడ్‌ మీద "రెండో షిఫ్టుతో ఆలస్యాలు 40 శాతం తగ్గాయి" అని ఉంది. కింద రెండు కడ్డీలు: షిఫ్టు లేని అక్టోబరు, ప్రయోగంగా షిఫ్టు నడిపిన నవంబరు. నేను రాసుకున్న శీర్షిక: "దసరా రద్దీ తగ్గాక ఆలస్యాలూ తగ్గాయి". చూసి మొహం మాడ్చుకున్నాడు, పాపం. షిఫ్టు పెట్టని కరీంనగర్ గోదాము అంకెలు, అవే రెండు నెలలవి, తెప్పించమన్నాను. అక్కడ కూడా 25 శాతం తగ్గాయి! షిఫ్టు ఖాతాలో వేసుకోదగ్గది మహా అయితే మిగతా తేడా. అదీ ఒక్క నెలది, ఒక్క గోదాముది.

స్పష్టత నా చెక్‌లిస్టులో చివరిది. అచ్చుతప్పులూ అక్షరాల సైజూ ముందే దిద్దితే, రేపు తీసేయబోయే స్లైడ్‌కి ముస్తాబు చేసినట్టే. పైగా ముప్ఫై చిన్న వ్యాఖ్యల మధ్య ఆ కరీంనగర్ వ్యాఖ్య కనపడకుండా పోతుంది. అందుకే అతనికి మూడే వ్యాఖ్యలు రాసి పంపాను.

మర్నాడు వచ్చిన డెక్‌లో మొదటి స్లైడ్ శాశ్వత షిఫ్టు అడగడం లేదు. పండగలు లేని మూడు నెలలు ప్రయోగం పొడిగించమంటోంది, కరీంనగర్‌తో పోల్చి చూపిస్తామంటోంది.