దున్నేవానికే భూమి: ఒక నినాదం తెలుగైన తీరు

నినాదాన్ని తెలుగు చేయడమంటే మాటకు మాట వెతికి పెట్టడమనే భ్రమ మనవాళ్ళలో చాలామందికి ఉంది. అలా చేసినప్పుడు అర్థం వస్తుంది గాని దెబ్బ రాదు. ఆ దెబ్బ ఎక్కడ ఉంటుంది? ప్రాసలోనే ఉంటుందని కొందరంటారు. ప్రాస అవసరమే. అయితే నినాదం బలం అంతకంటే ముఖ్యంగా మరోచోట ఉంది: ఎదుటివర్గం వాడు ఆ మాటల చాటున దాక్కోవడానికి సందు మిగలకూడదు. ఈ సంగతిని 'లాండ్ టు ది టిల్లర్' అన్న ఒక్క నినాదంతో పరిశీలిద్దాం.

ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు దించితే 'భూమి సేద్యగానికి' అవుతుంది. తప్పు లేదు, కాని ఊరేగింపులో ఎవరూ అనరు. 'రైతుకు భూమి' అందామా? మన పల్లెల్లో రైతు అనగానే మొదట స్ఫురించేది పట్టా ఉన్నవాడు. ఉన్నవాడికే మళ్ళీ ఇమ్మన్నట్టవుతుంది. పోనీ 'సాగు చేసేవానికి భూమి' అందామంటే, నాగలి మేడి ఎన్నడూ పట్టని దొర కూడా 'నేను రెండు వందల ఎకరాలు సాగు చేస్తున్నాను' అని నిబ్బరంగా చెప్పుకోగలడు. తెలుగులో ఆ వాక్యం తప్పు కాదు. 'నేను రెండు వందల ఎకరాలు దున్నుతున్నాను' అంటే మాత్రం పాలేరు కూడా నవ్వుతాడు. 'దున్నే' అన్న మాట పనిని చేతికి, మేడికి కట్టేసింది. దొరకు అందులో చోటు లేదు.

ఇది మాటల పట్టింపు కాదని చట్టమే చెబుతుంది. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటం సాగుతుండగానే 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. అందులో 'స్వయంగా సాగు చేయడం' అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలో సొంత రెక్కల కష్టంతో పాటు, తన పర్యవేక్షణలో కూలివాళ్ళ చేత చేయించడం కూడా ఇమిడి ఉంది. అంటే గట్టు మీద నిలబడి చూసేవాడు కూడా సాగుదారే! పొలంలోని నినాదం మూసిన తలుపును చట్టంలోని పదం తెరిచింది.

ఇక రెండవ సంగతి, 'కే' అన్న ఒక్క అక్షరం. 'దున్నేవానికి భూమి' అంటే అది ఒక వినతి. తక్కినవాళ్ళకు ఉండకూడదని అందులో లేదు. 'దున్నేవానికే' అనగానే దున్ననివాడు బయటికి పోయాడు. ఇంగ్లీషు నినాదంలో ఈ అవధారణకు సమానమైన మాటే లేదు. మూలంలో లేనిదాన్ని చేర్చి తెలుగు నినాదం మూలం ఉద్దేశాన్ని కాపాడింది. పదానుపద అనువాదకుడు ఈ సాహసం చేయలేడు.

ఈ నినాదానికే 'దున్నేవాడిదే భూమి' అన్న మరో రూపం ఉంది. మొదటిదానిలో భూమిని ఎవరో ఇవ్వాలి, రెండవదానిలో అది ఇప్పటికే అతనిది. ప్రభుత్వాన్ని అడిగేటప్పుడు మొదటిది సరిపోతుంది, ఆక్రమించిన చెలకలో నాగలి కట్టేటప్పుడు రెండవదే నప్పుతుంది. 1924లో సున్ యట్ సేన్ చైనాలో ముందుకు తెచ్చిన నినాదానికి అర్థం 'దున్నేవానికి తన పొలం ఉండాలి' అని. ఇంగ్లీషులో 'టు' అన్న మాటతో ఈవి భావం వచ్చింది. స్వామ్య భావం చైనా మాటలోనూ, మన రెండవ రూపంలోనూ ఉంది.

వంగ రైతాంగం ఇదే భావాన్ని 'లాంగల్ జార్, జమి తార్' అన్నది. నాగలి ఎవరిదో నేల వారిది అని. జార్, తార్ అన్న ప్రాసకు మన నినాదం సాటిరాదు. కాని నాగలీ ఎడ్లూ సొంతంగా ఉండి, కూలివాని చేత దున్నించే మోతుబరి 'నాగలి నాదే గదా' అనగలడు. ప్రాస గెలిచినచోట సందు మిగిలింది. మనది ప్రాసలో ఓడి, అర్థంలో గెలిచింది. అయినా లయ చెడలేదు. ఒకరు 'దున్నేవానికే' అని ఎత్తుకుంటే, వందమంది 'భూమి' అని అందుకోవడానికి తగిన విరుపు అందులో ఉంది.

అయితే మన నినాదానికీ ఒక లోపం ఉంది, దాన్ని దాచనక్కరలేదు. నాగలి పట్టడం మగవాని పనిగా సాగిన సమాజంలో నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసిన స్త్రీ 'దున్నేవాడు' అన్న మాటలోకి రాదు. 'దున్నేవాళ్ళదే' అని బహువచనం చేస్తే మాత్రల లెక్క చెడదు, ప్రత్యయం మారుతుంది. కాని క్రియ మారదు. దొరను బయటికి నెట్టిన ఆ క్రియే ఆమెను కూడా గట్టు మీదే నిలబెట్టింది.

కాబట్టి నినాదాన్ని తెలుగు చేసేవాడు నిఘంటువు మూశాక రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ మాటల్లో శత్రువుకు చోటుందా? మనవాళ్ళలో ఎవరైనా బయట ఉండిపోయారా? మొదటిదానికి 'దున్నేవానికే భూమి' దీటుగా జవాబిచ్చింది. రెండవదానికి జవాబు ఇంకా బాకీ ఉంది.