నెలసరి నొప్పికి కషాయం: అల్లం, సోంపు, వాము పనిచేసే తీరు

తెలుగిళ్లలో నెలసరి తొలి రెండు రోజుల పొత్తికడుపు నొప్పికి అల్లం, సోంపు, వాము కలిపి కాచి ఇచ్చే వేడి పానీయానికి ఒక క్రమం ఉంది. ఏ దినుసును మరిగించాలో, దేనిని మరిగించకుండా మూత కింద నాననివ్వాలో, ఏ రోజున తాగడం మొదలుపెట్టాలో తెలిసి చేసినప్పుడే దాని గుణం కప్పులోకి దిగుతుంది.

గర్భాశయంలో ఏ వ్యాధీ లేకుండానే వచ్చే నొప్పిని వైద్యులు ప్రాథమిక డిస్మెనోరియా అంటారు. నెలసరికి ముందు ప్రొజెస్టిరాన్ అనే హార్మోను తగ్గినప్పుడు గర్భాశయపు లోపొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు వెలువడతాయి. అవి గర్భాశయ కండరాన్ని గట్టిగా ముడుచుకునేలా చేసి, రక్తనాళాలను బిగించి, కండరానికి తగినంత ప్రాణవాయువు అందకుండా చేయడం వల్ల నొప్పి పుడుతుంది. కొందరికి అదే సమయంలో వికారం, విరేచనాలు కలగడానికీ ఇవే కారణం. ఆయుర్వేదంలో చరక సంహిత ఇటువంటి బాధను ఉదావర్తిని అనే పేరుతో వర్ణించి, వాతం పైకి మళ్లడమే దానికి మూలమని, రక్తస్రావం జరగగానే ఉపశమనం కలుగుతుందని చెప్పింది.

అల్లంలోని కారానికి మూలమైన జింజరాల్, అల్లం ఎండి శొంఠి అయినప్పుడు దాని నుంచి ఏర్పడే షోగాల్ అనే పదార్థాలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీకి తోడ్పడే ఎంజైమును అడ్డుకోగలవని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. నొప్పి మాత్రలు అడ్డుకునేదీ ఆ ఎంజైమునే. సోంపు నూనె, ప్రోస్టాగ్లాండిన్ వల్ల ముడుచుకున్న ఎలుక గర్భాశయ కండరాన్ని సడలించినట్లు పరిశోధనలు చూపాయి. వాములోని థైమాల్ ప్రధానంగా పేగుల్లోని గాలిని వెడలించి కడుపు ఉబ్బరాన్ని తగ్గిస్తుంది కాబట్టి, ఈ మూడింటిలో దానిది తోడు పాత్ర అనుకోవడమే సబబు.

టెహరాన్‌లోని విద్యార్థినులపై జరిపి 2012లో ప్రచురించిన ఒక పరిశోధనలో 500 మిల్లీగ్రాముల శొంఠి పొడి క్యాప్సూళ్లను రోజుకు మూడుసార్లు ఇచ్చారు. నెలసరికి రెండు రోజుల ముందే మొదలుపెట్టి మూడో రోజు దాకా తీసుకున్నవారిలో నొప్పి తీవ్రతతో పాటు అది ఉండే కాలం కూడా తగ్గింది. నెలసరి వచ్చాక మొదలుపెట్టినవారిలో తీవ్రత మాత్రమే తగ్గింది. ప్రోస్టాగ్లాండిన్లు పోగుపడక ముందే అడ్డు పడాలన్న తర్కానికి ఈ ఫలితం సరిపోతుంది.

ఆ లెక్కన రోజుకు ఒకటిన్నర గ్రాముల శొంఠి అవుతుంది. పచ్చి అల్లంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీరే కనుక, ఇది సుమారు ఏడెనిమిది గ్రాముల అల్లానికి సమానం. దీనిని మూడు పూటలకు పంచి, పూటకు రెండున్నర గ్రాముల అల్లాన్ని దంచి, ఒకటిన్నర గ్లాసు నీటిలో వేసి, సన్నని మంటపై ఒక గ్లాసు మిగిలేదాకా మరిగించాలి. గట్టి దుంప కాబట్టి దీనికి మరుగు అవసరం. ఇలా కాచి తీసినదే కషాయం. సోంపు, వాముల సువాసన నూనె గింజలోని సన్నని నాళాల్లో దాగి ఉండి, మరిగిస్తే ఆవిరితో పోతుంది కనుక, గిన్నెను దించాకే, అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా నలిపిన ఒక చెంచా సోంపును, పావు చెంచా వామును వేసి పది నిమిషాలు మూత పెట్టాలి. ఇలా వేడినీటిలో నానబెట్టి తీసేదాన్ని ఆయుర్వేదం ఫాంటం అంటుంది. మూతకు పట్టిన తడిలో నూనె ఉంటుంది కనుక దానిని తిరిగి గిన్నెలోకే రాల్చాలి.

మూత తీయగానే సోంపు తీపి వాసన రాకపోతే గింజలు నలగలేదనో, పాతబడ్డాయనో గ్రహించాలి. నాలుకపై చేదు, మంట మిగిలితే వాము ఎక్కువైనట్టు.

పరిశోధనల్లో వాడినవి పొడి క్యాప్సూళ్లో, నూనె సారాలో తప్ప కప్పు కషాయం కాదు. నీటిలోకి నూనెలో కొంత భాగమే దిగుతుంది కనుక ఫలితం అంతకంటే మృదువుగా ఉండవచ్చు. వేడి పానీయం ఇచ్చే ఉపశమనం కూడా ఇందులో కలిసి ఉంటుంది. రక్తం పలచబరిచే మందులు వాడేవారు వైద్యుని అడగకుండా ఈ కషాయాన్ని తాగకూడదు, గర్భం ఉందన్న అనుమానం ఉన్నప్పుడు దీనిని మానాలి, ఛాతీలో మంట వచ్చేవారు అల్లాన్ని తగ్గించాలి. సోంపుకు ఈస్ట్రోజెన్ వంటి స్వల్ప గుణం ఉన్నందున నెల పొడవునా కాకుండా, నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు దాకా ఉండే ఐదు రోజులకే పరిమితం కావడం మేలు.

ఏటికేడు పెరిగే నొప్పి, నెలసరి లేని రోజుల్లోనూ వచ్చే నొప్పి, గంట గంటకూ ప్యాడ్ మార్చవలసినంత రక్తస్రావం ఎండోమెట్రియోసిస్, గర్భాశయ గడ్డల వంటి వ్యాధులకు సూచనలు కావచ్చు. అటువంటప్పుడు కషాయంతో కాలం గడపకుండా స్త్రీల వైద్యురాలిని కలవాలి.