గోడకు పొట్ట రాకుండా

మాదాపూర్, గచ్చిబౌలి నేలంతా గ్రానైటే. అద్దాల మేడల వెనక అదే రాతితో కట్టిన ప్రహరీలను చూస్తే మేస్త్రీ పనితనం తెలుస్తుంది. చెక్కని రాళ్లను ఒడుపుగా ఇమిడ్చేది రాండమ్ రబుల్. సైజు రాళ్లను సమాన వరుసల్లో పేర్చేది కోర్స్‌డ్ రబుల్. గ్రానైటును చెక్కడం కష్టం, ఖర్చు. మట్టిలో దాగే పునాదికి ఆ సోకెందుకు?

అసలు నేర్పు థ్రూ స్టోన్‌లో ఉంది. అడుగున్నర గోడంటే నిజానికి పక్కపక్కన నిలిచిన రెండు పొరలు. ఈ మొఖం నుంచి ఆ మొఖం దాకా సాగే పొడవాటి రాయి వాటిని కలిపి పట్టుకుంటుంది. అర చదరపు మీటరుకు ఒకటి చొప్పున, 10 మీటర్ల పొడవు, మీటరున్నర ఎత్తు గోడకు 30 కావాలి. అవి ఒకదానిపై ఒకటి కాక, ఎడంగా పడాలి. వాటిని ఎగ్గొట్టి నడుమ చిల్లర రాళ్లు పోస్తే కొన్నాళ్లకు గోడకు పొట్ట వస్తుంది.

గ్రానైటు నీళ్లు పెద్దగా పీల్చదు. పల్చటి మాలులో రాయి జారుతుంది. అందుకే మంచి మేస్త్రీ ఒకటికి ఆరు సిమెంటు మాలును గట్టిగానే కలిపిస్తాడు. సందుల్లో రాతిముక్కలను మాలుతో పాటు సుత్తితో దిగ్గొడతాడు. మాలు ఆరాక రాయిని తట్టండి, డొల్ల మోత వస్తే లోపల ఖాళీ ఉన్నట్టే.