స్లైడు కింద రాసుకున్న మాటలు

సహిత విద్యపై 20 నిమిషాల సెమినార్‌ను చక్కగా నడిపే టీచరంటే నాకెంతో గౌరవం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలనూ ఆవిడ తెర మీద పేర్చరు. మూడో తరగతిలో, చూపు మందగించిన ఒక్క పిల్లాడితో మొదలుపెడతారు. ఒక స్లైడులో వాడికి బోర్డు ఎంత మసకగా కనిపిస్తుందో చూపే ఫొటో. తర్వాతి దాంట్లో టీచరు చేసిన మార్పులు: ముందు వరసలో, కిటికీ వెలుగు కళ్లలో పడని చోటు, పెద్ద అక్షరాల పాఠం, బోర్డు మీద రాసేదల్లా పైకి చదవడం. అసలు పనితనం కింది నోట్సులో ఉంటుంది. అక్కడ ప్రసంగమంతా రాసి ఉండదు. "ఫొటోలో ఏముందో చెప్పాలి", "సైన్ లాంగ్వేజ్‌లో చెప్పేవారు అందుకునేదాకా ఆగాలి", "ఇక్కడికి 8 నిమిషాలు" అని మాత్రమే ఉంటుంది. అందుకే సభలో చూపులేని టీచరుకూ ఆ మసక బోర్డు సంగతి అందుతుంది. ఆలస్యమైతే ఏది వదలాలో కూడా ముందే నిర్ణయించుకుంటారు: చట్టం వివరాలు కాగితం మీద పంచేస్తారు, పిల్లాడి కథను మాత్రం కుదించరు. చివరి 5 నిమిషాలు ప్రశ్నలకే. అరవై మంది తరగతిలో ఇదంతా ఎలా కుదురుతుందని ఎవరో అడుగుతారు. "రాస్తూ పైకి చదవడానికి వేరే సమయం అక్కర్లేదండీ, రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు" అంటారావిడ.