రెండు తెలుగులు, ఒకే టెండరు

ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయం ప్రహరీ గోడకు, స్టాఫ్ క్వార్టర్ల మరమ్మతులకు టెండరు పిలిచింది. అంచనా విలువ 50 లక్షలు. ఇంగ్లిషు నోటీసు చదవలేని ఒక చిన్న కాంట్రాక్టరు కోసం అందులోని అర్హత, ఈఎండీ నిబంధనలను ఇద్దరు తెలుగు చేశారు. ఒకరు కోర్టు కాగితాలు రాసిన చేయి తిరిగిన పెద్దమనిషి, రెండోవారు సైట్ ఇంజనీరు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివాను.

అర్హత నిబంధన సీపీడబ్ల్యూడీ నోటీసుల్లో మామూలుగా కనిపించేదే. గత ఏడేళ్లలో ఇలాంటి పనులు మూడు పూర్తి చేసి ఉండాలి, ఒక్కొక్కటి అంచనాలో 40 శాతానికి తగ్గకూడదు. లేదా 60 శాతానికి తగ్గనివి రెండు, లేదా 80 శాతానికి తగ్గనిది ఒకటి. పెద్దాయన ఇలా రాశారు: “అంచనా వ్యయములో నలుబది శాతమునకు తక్కువ కాని మూడు సదృశ పనులు సంతృప్తికరముగా పూర్తి గావించబడియుండవలెను.” గంభీరంగానే ఉంది, కానీ ఆ నలుబది శాతం మూడింటికీ కలిపా, విడివిడిగానా? వాక్యం చెప్పదు. ఎనిమిది లక్షలు, ఏడు లక్షలు, ఆరు లక్షల పనులు చేసినవాడు మొత్తం 21 అయింది కదా అని ధైర్యంగా టెండరు వేస్తాడు. నిజానికి ఒక్కో పనికీ 20 లక్షలు ఉండాలి.

ఇంజనీరు ఆ తప్పు చేయలేదు. “ఒక్కోటి 20 లక్షలకు తగ్గకుండా మూడు పనులు చేసుండాలి, లేదా 30 లక్షలవి రెండు, లేదా 40 లక్షలది ఒకటి” అన్నాడు. శాతాలను రూపాయల్లోకి మార్చడమే ఈ అనువాదంలో నాకు బాగా నచ్చింది. పెద్దాయన ఆ లెక్క చదివేవాడికి వదిలేశారు. కానీ ఇంజనీరు ‘పూర్తి’ అన్న మాట జారవిడిచాడు. మన కాంట్రాక్టరుకు నిరుడు పూర్తయిన పనులు రెండున్నాయి, 31 లక్షలది ఒకటి, 22 లక్షలది ఒకటి. మూడోది 28 లక్షల పని, 21 లక్షలకు బిల్లు ఎత్తాడు, పని ఇంకా నడుస్తోంది. ఇంజనీరు తెలుగు ప్రకారం మూడూ సరిపోతాయి. నోటీసు ప్రకారం మూడోది లెక్కలోకి రాదు, దానికి కంప్లీషన్ సర్టిఫికెట్ లేదు కాబట్టి. మిగతా రెండింటిలో ఒకటి 30 దాటలేదు, 40 లక్షలది అసలే లేదు. టెక్నికల్ బిడ్డులోనే పోతాడు.

ఇలా పోతే ఈఎండీ తిరిగొస్తుంది, దానికి కట్టిన లక్ష కొన్నాళ్లు ఇరుక్కుంటుంది, అంతే. తిరిగిరాని సందర్భం వేరు. బిడ్డు చెల్లుబాటు కాలంలో వెనక్కి తీసుకుంటే ఈఎండీ పోతుంది. పెద్దాయన దీన్ని సరిగానే పట్టుకున్నారు. అయితే “ధరావతు జప్తు చేయబడును” అనేసరికి ఇల్లూ వాకిలీ జప్తు చేస్తారేమోనని చదివేవాడు బెదిరిపోవచ్చు. ఇంజనీరు “టెండరు వేశాక వెనక్కి తగ్గితే ఈఎండీ పోతుంది” అన్నాడు. భయం తీరింది గాని, నిజం వంకరైంది. బిడ్లు వేసే గడువు ముగిసేలోపు పోర్టల్లో బిడ్డును సవరించుకోవచ్చు, ఉపసంహరించుకోనూ వచ్చు. కేంద్ర ప్రభుత్వ పోర్టల్లో ఒకసారి ఉపసంహరిస్తే అదే టెండరుకు మళ్లీ వేయడం కుదరదు. రేటు తప్పు పడితే సవరించాలి తప్ప ఉపసంహరించకూడదు. ఈ తేడా ఇద్దరి అనువాదంలోనూ లేదు.

బ్యాంకు గ్యారంటీ గడువు దగ్గర మాత్రం ఇంజనీరుది క్షమించలేని పొరపాటు. బిడ్డు చెల్లుబాటు 90 రోజులు, గ్యారంటీ ఆ తర్వాత మరో 45 రోజులు అమల్లో ఉండాలి. అతను “గ్యారంటీ 45 రోజులకు తీసుకోవాలి” అని రాసేశాడు. అలాంటి కాగితం పెడితే బిడ్డు చెల్లదు. పెద్దాయన “చెల్లుబాటు కాలము ముగిసిన పిమ్మట నలుబదియైదు దినములు” అని స్పష్టంగా చెప్పారు, కాని బ్యాంకులో ఏ తేదీ చెప్పాలో కాంట్రాక్టరుకు తెలియదు. బిడ్లు తెరిచేది జూన్ 10 అనుకుంటే 90 రోజులు సెప్టెంబర్ 8తో, ఆపై 45 రోజులు అక్టోబర్ 23తో ముగుస్తాయి.

చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది, ఈఎండీ అక్కర్లేదుగా అని మన కాంట్రాక్టరు అడిగాడట. ఆ మినహాయింపు సరుకులు, సేవల కొనుగోళ్లకు సంబంధించినది, ఇలాంటి పనుల కాంట్రాక్టులకు మామూలుగా వర్తించదు. ఈ మాట ఇద్దరూ రాయలేదు. నోటీసులో లేనిది చేర్చకూడదని పెద్దాయన అనుకొని ఉండవచ్చు, అది న్యాయమే. ఇంజనీరుకు ఆ పట్టింపు లేదు, చేర్చాల్సింది.

నేనైతే ఇంజనీరు భాష తీసుకొని, ప్రతి వాక్యాన్నీ పెద్దాయన ప్రతితో సరిచూసి, ఇలా రాస్తాను: “బిడ్లు వేసే గడువు ముగిశాక, సెప్టెంబర్ 8 లోపు మీరు వెనక్కి తీసుకుంటే మీరు కట్టిన లక్ష తిరిగి రాదు. బ్యాంకు గ్యారంటీ అయితే అది అక్టోబర్ 23 వరకు చెల్లాలి. ఇంగ్లిషు నోటీసుకూ దీనికీ తేడా కనిపిస్తే ఇంగ్లిషుదే చెల్లుతుంది.” పక్కనే మూల నోటీసులోని క్లాజు నంబరు కూడా వేస్తాను, ప్రీ బిడ్ మీటింగులో వేలు పెట్టి అడగడానికి.